అయిదు మార్కులు ఎక్కడ పోయాయి మేడమ్?

(చెన్నైలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థుల కోసం ఒక ఆదివారం సాయంత్రం రసాయనశాస్త్ర అధ్యాపకురాలు ఒకరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. బోర్డు మీద గీసిన బొమ్మలను మాటల్లోకి మార్చాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి మైకు వినబడుతోందా? సరే. ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళు అదృష్టవంతులు, మిగతావాళ్ళు కాస్త ఓర్చుకోండి. చెన్నైలో ఈ నెలలో ఇంతకన్నా ఏమీ చేయలేం.

ఈ రోజు ఒకే ఒక్క ఈమెయిల్ గురించి మాట్లాడతాను. మిడ్ సెమిస్టర్ పేపర్లు ఇచ్చిన రోజు రాత్రి పన్నెండు కావస్తుండగా వచ్చింది. రాసింది సూళ్ళూరుపేట నుంచి రోజూ రైల్లో వచ్చిపోయే కుర్రాడు. పేరు చెప్పను. చదివి వినిపించడానికి మాత్రం అతన్ని అడిగి ఒప్పించుకున్నాను. ఇంగ్లీషులో రాసినదాన్ని నేను తెలుగులో చెబుతున్నాను.

"రెస్పెక్టెడ్ మేడమ్, నాలుగో ప్రశ్నకి నాకు పదికి అయిదు వచ్చాయి. నేను రాసిన ఫైనల్ ప్రోడక్ట్ కరెక్టే. ఎస్‌ఎన్1 అని గుర్తుపట్టాను, కార్బోకేటయాన్ వేశాను, స్లో స్టెప్ ఏదో రాశాను. పేజీ ఫోటో జత చేశాను. నాకు మూడు డౌట్లు. ఒకటి, రెండో స్టెప్‌లో బాణం మీద ఎర్ర సున్నా చుట్టారు, ఎందుకో తెలియలేదు. రెండు, నేను OH⁻ రాసిన చోట మీరు H₂O అని దిద్దారు. ఎస్‌ఎన్1లో న్యూక్లియోఫైల్‌కి రేటుతో సంబంధం లేదని మీరే చెప్పారు కదా, మరి ఏది రాస్తే ఏమిటి? మూడు, ఇన్వర్షన్ ప్రోడక్ట్ కొంచెం ఎక్కువ వస్తుందని రాస్తే మార్కు తీసేశారు. ఎందుకు?"

అంతే. "ప్లీజ్ మేడమ్, రెండు మార్కులు కలపండి, సప్లీ వస్తుంది" అనే మాట లేదు. ఆ మాట ఉన్న ఈమెయిళ్ళు నాకు ప్రతి సెమిస్టర్‌కీ ఇరవై ముప్పై వస్తాయి. వాటికి జవాబు రాయడం తేలిక. ఇలాంటిదానికి రాయాలంటే పేపరు మళ్ళీ తెరవాలి. ఫోటో పెద్దది చేసి చూశాను. చూస్తుంటే మూడో డౌటు దగ్గర నాకే గొంతులో వెలక్కాయ పడింది. ఆ సంగతి వరసలో వస్తుంది.

ముందు ప్రశ్న. (ఎస్)-3-బ్రోమో-3-మిథైల్‌హెక్సేన్‌ని నీరు, అసిటోన్ కలిపిన ద్రావణంలో వేడి చేశారు, మెకానిజం అంతా స్టీరియోకెమిస్ట్రీతో సహా రాయండి అని. పది మార్కుల్లో బ్రోమైడ్ విడిపోవడానికి రెండు, బల్లపరుపు కార్బోకేటయాన్‌కీ స్లో స్టెప్ గుర్తించడానికీ కలిపి రెండు, నీరు వచ్చి అతుక్కోవడానికి రెండు, ప్రోటాన్ పోవడానికి రెండు, ఆఖరికి రెండు ఇనాన్షియోమర్లు చూపడానికి రెండు. మనవాడికి మొదటి నాలుగూ వచ్చాయి. అతుక్కునే స్టెప్‌లో సున్నా. ప్రోటాన్ స్టెప్‌లో సున్నా, ఎందుకంటే ఆ స్టెప్పే రాయలేదు. ఆఖరి రెండులో ఒకటి. మొత్తం అయిదు.

ఇక్కడ కూర్చున్న చాలామంది ఇంటర్ మన వైపు కార్పొరేట్ కాలేజీల్లో చదివి వచ్చినవాళ్ళే. రెండేళ్ళు పొద్దున్నుంచి రాత్రిదాకా చేసింది నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకోవడం. అక్కడ ప్రోడక్ట్ తెలిస్తే చాలు, బాణాలు ఎవరూ అడగరు. ఊరు చేరామా లేదా అన్నదే లెక్క. ఏ దారిన వచ్చావు, దారిలో ఎవరిని కలిశావు అని ఎవరూ అడగరు. డిగ్రీలో నేనడిగేది ఆ దారే. ప్రోడక్ట్ ఏమిటో ప్రశ్న చదవగానే నాకూ తెలుసు.

ఇప్పుడు మొదటి డౌటు, బాణం.

బోర్డు చూడండి. ఇది మధ్యలో వచ్చే కార్బోకేటయాన్. కార్బన్‌కి మూడే బంధాలు, ప్లస్ గుర్తు. ఇటు పక్క ఆక్సిజన్, దాని మీద రెండేసి చుక్కలు. మనవాడు బాణం ప్లస్ గుర్తు దగ్గర మొదలుపెట్టి ఆక్సిజన్ చుక్కల మీద దించాడు. నీలం ఇంకు, బాణం మొన సరిగ్గా చుక్కలకి గుచ్చుకుంది. ఎంతో శ్రద్ధగా గీశాడు. దిక్కే తిరగబడింది.

అతని మనసులో ఏముందో నాకు తెలుసు. ప్లస్ ఉన్నది మైనస్ ఉన్నదాని దగ్గరికి పరిగెడుతుంది, ఆ పరుగునే బాణంగా గీశాడు. అంటే అణువులు ఎటు కదులుతాయో చూపించాడు. వంపు బాణం అర్థం అది కాదు. రాబర్ట్ రాబిన్సన్ 1922లో ఈ బాణాలు వాడడం మొదలుపెట్టినప్పటి నుంచీ అది చూపేది ఎలక్ట్రాన్ల కదలికనే. రెండు రెక్కలున్న బాణమైతే ఒక జంట. బాణం తోక ఉన్న చోట ఆ జంట ఇప్పుడు ఉంది, మొన ఉన్న చోటికి అది వెళుతోంది. అంతకు మించి బాణానికి అర్థం లేదు.

ఆ అర్థంతో అతని బాణాన్ని చదవండి. ఖాళీగా ఉన్న పీ ఆర్బిటాల్ నుంచి ఒక ఎలక్ట్రాన్ జంట బయలుదేరి, ఇప్పటికే నిండుగా ఎనిమిది ఉన్న ఆక్సిజన్ మీదికి వెళ్ళింది. కార్బన్ దగ్గర ఆరే ఉన్నాయి, ఆ ఆరూ మూడు బంధాల్లో బిగిసిపోయి ఉన్నాయి. లేనివాడు ఉన్నవాడికి దానం చేసినట్టు. చేయాలన్నా చేతిలో ఏముంది? (నవ్వులు)

బాణం గీసే ముందు తోక పెట్టబోయే చోట వేలు పెట్టి చూడండి. అక్కడ ఒంటరి జంట ఉందా, బంధం ఉందా? రెండూ లేకపోతే అక్కడి నుంచి బాణం పుట్టదు. ఇందులో ఇంకో చిత్రం ఉంది. ఇదే కుర్రాడు మొదటి స్టెప్‌లో కార్బన్–బ్రోమిన్ బంధం మధ్య నుంచి బ్రోమిన్ మీదికి బాణం చక్కగా గీశాడు. అక్కడ బంధం కనబడుతోంది కాబట్టి తోక దానంతటదే సరిగ్గా పడింది. ప్లస్ గుర్తు కనబడగానే చేయి జారింది. పేపర్లు దిద్దేటప్పుడు నేను గమనించేది కూడా ఇదే. బంధం తెగే చోట తప్పు తక్కువ, బంధం ఏర్పడే చోట ఎక్కువ. దీనికి ఒక మార్కు పోయింది. అతనూ వాదించలేదు.

అసలు గొడవ రెండో డౌటులో ఉంది. నాకు ఎక్కువ ఇష్టమైనదీ అదే.

OH⁻ రాయడం వల్ల పోయింది మూడు మార్కులు. న్యూక్లియోఫైల్ తప్పైనందుకు ఒకటి. OH⁻ వచ్చి అతుక్కుంటే నేరుగా ఆల్కహాల్ వచ్చేస్తుంది, వదిలించుకోవలసిన ప్రోటాన్ ఉండదు, అందుకని ఆఖరి స్టెప్పే ఎగిరిపోయింది, దానికి రెండు. ఒక్క మైనస్ గుర్తు ఖరీదు మూడు మార్కులా అని మీకు అనిపించవచ్చు. కుర్రాడి వాదన కూడా వినడానికి గట్టిగానే ఉంది. రేటు సమీకరణంలో న్యూక్లియోఫైల్ లేదు, కాబట్టి ఎవరైతే ఏమిటి అన్నాడు.

ముందు ఆ రేటు మాట సరి చూద్దాం. ఎస్‌ఎన్1లో ఒకటి అంటే ఏకాణుక. ఏకాణుక అంటే ఒకే స్టెప్ అనుకునేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. కాదు. నెమ్మదిగా జరిగే స్టెప్‌లో పాల్గొనేది ఒకే అణువు అని. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఇంగోల్డ్, హ్యూస్ 1930ల్లో ఈ పేర్లు పెట్టింది రేట్లు కొలిచి, బేస్ గాఢత మార్చినా వేగం మారని చర్యలు కొన్ని ఉన్నాయని చూశాకే. బొమ్మలు గీసి పెట్టిన పేర్లు కావు.

మీలో చాలామంది ల్యాబ్‌లో ఈ ప్రయోగం చేసే ఉంటారు, కాకపోతే రికార్డు రాయడం మీదే ధ్యాస ఉండి ఉంటుంది. అసిటోన్‌లో 0.1 మోలార్ టెర్షియరీ బ్యూటైల్ క్లోరైడ్ 3 మిల్లీలీటర్లు ఒక ఫ్లాస్కులో. ఇంకో ఫ్లాస్కులో 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 0.3 మిల్లీలీటర్లు, నీళ్ళు 6.7 మిల్లీలీటర్లు, రెండు చుక్కలు బ్రోమోఫినాల్ బ్లూ. రెండూ కలిపి స్టాప్‌వాచ్ నొక్కుతారు. క్లోరైడ్‌లో పదో వంతుకి సరిపడా బేస్ మాత్రమే వేశాం. అంటే పది శాతం చర్య జరిగేసరికి పుట్టిన ఆమ్లం ఆ బేస్‌ని తినేస్తుంది, నీలం పసుపైపోతుంది. అది 40 సెకన్లకి జరిగిందనుకోండి.

ఇప్పుడు బేస్‌ని 0.6 మిల్లీలీటర్లు చేసి, నీళ్ళు 6.4కి తగ్గించండి. చర్యలో OH⁻కి వాటా ఉంటే ఏం కావాలి? పని రెట్టింపైంది, పనిచేసే చేతులు కూడా రెట్టింపయ్యాయి, కాబట్టి టైము పెద్దగా పెరగకూడదు. కానీ రంగు మారడానికి దాదాపు 85 సెకన్లు పడుతుంది. ఎనభై కాకుండా ఎనభై అయిదు ఎందుకంటే, ముందుకు వెళ్ళేకొద్దీ క్లోరైడ్ తగ్గిపోతూ ఉంటుంది కదా, రెండో పది శాతం మొదటి పది శాతం కన్నా కాస్త నెమ్మదిగా జరుగుతుంది. చర్య మాత్రం బేస్ ఎంతుందో పట్టించుకోకుండా తన దారిన తాను వెళ్ళింది. బేస్ చేసిన పనల్లా పుట్టిన ఆమ్లాన్ని తుడిచిపెట్టడమే.

కాబట్టి రేటులో న్యూక్లియోఫైల్ లేదన్న కుర్రాడి మాట నిజం. అయితే ఈ ప్రయోగం చెప్పేది నెమ్మది స్టెప్ గురించి మాత్రమే. ఆ తరవాత కార్బోకేటయాన్‌ని ఎవరు పట్టుకున్నారో స్టాప్‌వాచ్ చెప్పలేదు. రేటు సమీకరణంలో పేరు లేనంత మాత్రాన ఎవరి పేరైనా రాయవచ్చని కాదు. అక్కడ ఎవరున్నారో చూసి రాయాలి.

ఎవరున్నారు? లెక్కేద్దాం. ఒక లీటరు నీటిలో 55 మోల్స్ నీరు ఉంటుంది. తటస్థమైన నీటిలో OH⁻ ఎంత? పది టు ద పవర్ మైనస్ ఏడు మోలార్. భాగహారం చేయండి. ఒక్క OH⁻కి 55 కోట్ల నీటి అణువులు. మన ద్రావణంలో అసిటోన్ కూడా ఉంది కాబట్టి అంకె కాస్త అటూ ఇటూ అవుతుంది, అది వదిలేయండి. పైగా అది చర్య మొదలవకముందు లెక్క. చర్య జరుగుతున్నకొద్దీ హైడ్రోబ్రోమిక్ ఆమ్లం పుడుతుంది. ఆమ్లం 0.01 మోలార్‌కి చేరిందనుకోండి, అప్పుడు ఒక్కో OH⁻కి 55 లక్షల కోట్ల నీటి అణువులు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, సీసాలో లేని హైడ్రాక్సైడ్‌కి మనవాడు ఒంటరి జంటలు పెట్టి, మైనస్ పెట్టి, బాణం కూడా ఇచ్చేశాడు. (నవ్వులు)

"OH⁻ బలమైన న్యూక్లియోఫైల్ కదా మేడమ్" అని ఒకరు చేయి ఎత్తారు. నిజమే. కానీ ఎంత బలమున్నా ముందు ఎదురుపడాలి. కార్బోకేటయాన్ ఆకలితో ఉన్న మనిషి లాంటిది, బ్రోమైడ్ పక్కకి తప్పుకోగానే చుట్టూ ఉన్నవాటిలో చేతికి అందినదాన్ని పట్టుకుంటుంది. చుట్టూ ఉన్నది నీరే. ఇందాక చెప్పిన ల్యాబ్ ప్రయోగంలో మనమే సోడియం హైడ్రాక్సైడ్ పోశాం, అక్కడ కూడా చూడండి. కలిపాక OH⁻ 0.003 మోలార్, నీరు సుమారు 39 మోలార్. పదమూడు వేలకి ఒకటి. అక్కడ కూడా పట్టుకునేది నీరే.

ఇక దీన్ని ఇంకో వైపు నుంచి చూడండి. మనవాడి మాటే ఒప్పుకుందాం, OH⁻ నిజంగానే దండిగా ఉందనుకుందాం. గాఢమైన బేస్ పోసి వేడి చేశాం. ఎదురుగా ఉన్నది టెర్షియరీ బ్రోమైడ్. అప్పుడేమవుతుంది? (సభలోంచి: "ఎలిమినేషన్.") అంతే. OH⁻ బ్రోమిన్ పక్క కార్బన్ మీది హైడ్రోజన్‌ని లాగేస్తుంది, ఈ2 జరుగుతుంది, ఆల్కీన్లు వస్తాయి. నువ్వు రాసిన ఆల్కహాల్‌కి అక్కడ పెద్దగా చోటుండదు. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, ఎస్‌ఎన్1 రాస్తూ OH⁻ని వెంట తెచ్చావు. అది నిజంగా అక్కడుంటే నీ ప్రోడక్టే మారిపోతుంది. నీ మూడో గీత నీ ఆఖరి గీతని కొట్టేస్తోంది. మార్కులు మూడు పోయింది అందుకే. ఈ మాట ఈమెయిల్లో ఇలాగే రాశాను. పిల్లి సంగతి మాత్రం రాయలేదు.

ఉత్త నీటిలోనైనా కాసింత ఆల్కీన్ రాకపోదు. అది ఈ1, కార్బోకేటయాన్ నుంచే ప్రోటాన్ పోవడం. వేడి పెంచితే దాని వాటా పెరుగుతుంది. ప్రశ్నలో అడగలేదు కాబట్టి రాయకపోయినా నేనేమీ అనను, రాస్తే సంతోషిస్తాను.

సరే, నీరు వచ్చింది. ఒక్క స్టెప్ పెరిగింది. ఆక్సిజన్ మీది ఒంటరి జంట కార్బన్ వైపు వెళ్ళి బంధమైంది. ఆక్సిజన్‌కి ఇప్పుడు మూడు బంధాలు, ప్లస్ దాని మీదికి మారింది. ఇది ఆక్సోనియం. దీన్ని రాయకుండా దాటేస్తే ఛార్జి లెక్క తేలదు. కుడివైపున ఆల్కహాల్, బ్రోమైడ్ రాసి ఊరుకుంటారు, ఒక హైడ్రోజన్ ఎక్కడ పోయిందో ఎవరికీ తెలియదు.

ప్రోటాన్ పోయే స్టెప్ ఎందుకు ఆఖరునే రావాలి, ముందే నీరు ప్రోటాన్ వదిలేసి OH⁻గా వస్తే ఏం అని కూడా కొందరు అడుగుతారు. నీరు మామూలుగా ప్రోటాన్‌ని సులువుగా వదలదు. దాని పీకేఏ దాదాపు 15.7. అదే నీరు కార్బన్‌కి తన జంట ఇచ్చి ఆక్సోనియం అయ్యాక పీకేఏ సుమారు మైనస్ 2కి పడిపోతుంది. పది టు ద పవర్ పదిహేడు పద్దెనిమిది రెట్ల తేడా. ఎలక్ట్రాన్ జంట ఇచ్చేసిన ఆక్సిజన్ ఇక ప్రోటాన్‌ని పట్టుకుని ఉండలేదు. అందుకే అతుక్కోవడం ముందు, వదలడం తరవాత.

ఆ ప్రోటాన్‌ని ఎవరు తీసుకుంటారు? ఇక్కడ ఇంకో చిన్న గుంట ఉంది. మనవాడు ఈ స్టెప్ రాయలేదు కాబట్టి ఇందులో పడలేదు గానీ, క్లాసులో సగం మంది పడ్డారు. బ్రోమైడ్ నుంచి హైడ్రోజన్ మీదికి బాణం గీస్తారు, HBr వచ్చేసింది కదా అని. HBr చాలా బలమైన ఆమ్లం, దాని పీకేఏ మైనస్ 9 దాకా ఉంటుంది. అంటే బ్రోమైడ్‌కి ప్రోటాన్ మీద ఆశ లేదు. H₃O⁺ పీకేఏ మైనస్ 1.7. రెంటిలో ప్రోటాన్‌ని పట్టుకునేది నీరే, పైగా చుట్టూ ఉన్నదీ నీరే. రెండో నీటి అణువు వచ్చి తీసుకుంటుంది, H₃O⁺ అవుతుంది. చివర్లో పక్కన HBr అని రాస్తే నేను పట్టించుకోను, అది లెక్క తేల్చడం. బ్రోమైడ్ నుంచి బాణం గీస్తే మాత్రం అరమార్కు కోస్తాను. అరమార్కు మేడమ్ అని పిల్లలు నాకు పేరు పెట్టారట. పెట్టుకోనీ.

మూడో డౌటు. ఇక్కడ తప్పు నాది.

మేం తయారుచేసిన కీలో ఇలా ఉంది: కార్బోకేటయాన్ బల్లపరుపుగా ఉంటుంది, నీరు రెండు వైపుల నుంచీ సమానంగా వస్తుంది, ఆర్, ఎస్ ఆల్కహాల్స్ సగం సగం, రెసిమిక్. మనవాడు రెండు బొమ్మలూ సరిగానే వేసి, కింద ఒక గీత రాశాడు: "ఆర్ కొంచెం ఎక్కువ." మన అణువులో బ్రోమిన్ స్థానంలో ఓహెచ్ వస్తుంది. రెండూ ప్రాధాన్యంలో మొదటివే. ఆ తరవాత ప్రొపైల్, ఇథైల్, మిథైల్, ఆ వరస మారదు. కాబట్టి ఇన్వర్షన్ జరిగితే ఎస్ కాస్తా ఆర్ అవుతుంది. అంటే అతను ఇన్వర్షన్ ప్రోడక్ట్ ఎక్కువ అంటున్నాడు. కీలో లేదు. ఒక మార్కు కోశాను. అరవై పేపర్లు దిద్దే రాత్రి కీలో లేనిది రాస్తే చేయి దానంతటదే ఎర్ర గీత పెడుతుంది. నేను గర్వంగా చెప్పడం లేదు.

కానీ అతను రాసిందే నిజానికి దగ్గర. బంధం తెగిన క్షణంలో బ్రోమైడ్ ఎక్కడికీ పారిపోదు. రైలు దిగిన మనిషి ఇంకా తలుపు దగ్గరే నిలబడినట్టు, తను వదిలిన వైపునే కాసేపు తచ్చాడుతుంది. కార్బోకేటయాన్, బ్రోమైడ్ ఇంకా ఆనుకుని ఉన్న ఈ స్థితిని అయాన్ జంట అంటారు. 1950ల్లో సాల్ విన్‌స్టీన్ దీని మీద చాలా పని చేశారు. ఆ జంట విడిపోకముందే నీరు వస్తే, ఎదుటి వైపు బ్రోమైడ్ అడ్డంగా ఉంది కాబట్టి వెనక వైపు నుంచే రాగలదు. అంటే ఇన్వర్షన్. బ్రోమైడ్ పూర్తిగా దూరమయ్యాక వస్తే రెండు వైపులా సమానం. రెండూ కలిస్తే ఇన్వర్షన్ వాటా కొంచెం పైచేయిగా ఉంటుంది.

ఎంత పైచేయి? పాఠ్యపుస్తకాల్లో తరచుగా కనిపించే ఉదాహరణ ఒకటుంది. (ఆర్)-6-క్లోరో-2,6-డైమిథైల్‌ఆక్టేన్‌ని నీటితో చర్య జరిపితే సుమారు 60 శాతం ఇన్వర్షన్, 40 శాతం రిటెన్షన్ వస్తాయి. మన అణువు లాంటిదే, టెర్షియరీ. ఇంకోలా చెప్పాలంటే 80 శాతం రెసిమైజ్ అయింది, 20 శాతం తిరగబడింది. అన్నిటికీ ఇదే అంకె అనుకోవద్దు. కార్బోకేటయాన్ ఎంత స్థిరమైనదైతే అంత ఎక్కువసేపు బతుకుతుంది. బ్రోమైడ్ దూరంగా పోవడానికి అంత సమయం దొరుకుతుంది, నిష్పత్తి సగం సగానికి దగ్గరవుతుంది. బతుకు తక్కువైతే ఇన్వర్షన్ పెరుగుతుంది. ద్రావణి మారినా మారుతుంది. మన ప్రశ్నలోని అణువుకి ఫలానా శాతం అని ప్రశ్నలో ఇవ్వలేదు, అతనూ అంకె వేయలేదు, కొంచెం ఎక్కువ అన్నాడంతే. అంతవరకే రాయడం సరైన పని.

మరి రెసిమిక్ అని రాసిన మిగతా యాభై మంది? వాళ్ళకీ మార్కు ఉంచాను. మొదటి అంచనాగా అది సరిపోతుంది, క్లాసులో నేను చెప్పింది కూడా అదే. అయితే ఒక్క ఇనాన్షియోమర్ మాత్రమే వేసి ఊరుకున్న నలుగురికి సున్నా. ఇన్వర్షన్ ఎక్కువ అనడం వేరు, ఇన్వర్షన్ మాత్రమే అనడం వేరు. రెండోది ఎస్‌ఎన్2 మాట. మూడు బొద్దు సమూహాల మధ్య నుంచి వెనక వైపుగా వచ్చి టెర్షియరీ కార్బన్‌ని తన్నాలి, అది కుదరదు.

ఒక మార్కు కలిపి ఆరు చేశాను. రిజిస్టర్లో దిద్ది పక్కన సంతకం పెట్టాను. కీ తయారుచేసిన సహోద్యోగికి కూడా చెప్పాను. ఆయన కాసేపు కీని చూసి, చాయ్ తాగుతూ "నిజమే" అన్నారు. వచ్చే ఏడాది కీలో ఒక వాక్యం పెరిగింది. అడిగినవాడు ఇరవై ఏళ్ళ కుర్రాడు, రాత్రి పన్నెండింటికి, రైలు దిగి ఇంటికి వెళ్ళి, అన్నం తిన్నాక.

అతను ఇది ఎక్కడ చదివాడని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. ఇంటర్లో ఒక సార్ బోర్డు మూలన రాసి, "ఇది పరీక్షలో రాదు, ఊరికే తెలుసుకోండి" అన్నారట. పరీక్షలో రాదన్నదే గుర్తుంది, వస్తుందన్న OH⁻ సంగతే తప్పింది. (నవ్వులు)

అన్నట్టు, ఫోటో పంపాడని చెప్పాను కదా. అది ఎందుకు పనికొచ్చిందో చెబుతాను. మార్కు ఏ గీత దగ్గర పోయిందో అతను చెప్పగలిగాడు. నాకు ఎర్ర సున్నా కనబడింది, దాని పక్కన నేను ఏమీ రాయలేదని కూడా కనబడింది. దిక్కు తప్పు అని రెండు మాటలు రాసి ఉంటే మొదటి డౌటు రాసేవాడే కాదు. ఇప్పుడు పేపర్లు దిద్దేటప్పుడు బాణం తప్పైన చోట సున్నా చుట్టడం మానేశాను, సరైన బాణం ఎర్ర ఇంకుతో పక్కనే గీస్తున్నాను. దిద్దడానికి ఒక్కో పేపర్‌కి రెండు నిమిషాలు ఎక్కువ పడుతోంది.

జవాబు చివర అతనికి ఒక పని పెట్టాను. ఇదే బ్రోమైడ్‌ని నీటిలో కాకుండా మిథనాల్లో వేడి చేస్తే మెకానిజం రాసి పంపు అన్నాను. నీటి దగ్గర OH⁻ రాసే అలవాటున్నవాడు అక్కడ తప్పకుండా మిథాక్సైడ్ రాస్తాడు, చూద్దామని.

రెండు రోజుల తరవాత పంపాడు. బ్రోమైడ్ పోయింది, బాణం బంధం నుంచే. కార్బోకేటయాన్ బల్లపరుపుగా ఉంది. మిథనాల్ వచ్చింది, మైనస్ లేదు, బాణం ఆక్సిజన్ ఒంటరి జంట దగ్గర మొదలై కార్బన్ మీద ఆగింది. ఆక్సిజన్ మీద ప్లస్ వేశాడు. రెండు ఈథర్లు వేసి, ఇన్వర్షన్‌ది కొంచెం ఎక్కువ అని ఈసారి కింద గీత కూడా గీశాడు. అన్నీ సరే. ప్రోటాన్‌ని మాత్రం బ్రోమైడ్‌కి ఇచ్చాడు.

అరమార్కు కోశాను.